అబ్బాయి మొదటిసారి ఫ్లైటెక్కే ముందు భోజనాల రోజు ఇంటి పెద్ద ఎట్టా మాట్లాడాలి

భోజనాలు ఎప్పుడు పెట్టుకోవాలి అని మిమ్మల్ని అడిగితే ముందు పంచాంగం తియ్యమాకండి, టికెట్ తెప్పించి చూడండి. మన నెల్లూరు, కావలి, ఒంగోలు సైడు నుంచి పోయే పిల్లలు ఎక్కువమంది చెన్నైలోనే ఎక్కుతారు, బయట దేశాల ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లారుజామున ఉంటాయి. టికెట్ మీద ఆదివారం 3:40 అని ఉంటే అది శనివారం రాత్రి తెల్లవారితే అన్నమాట, అంటే ఇంట్లోంచి బయల్దేరేది శనివారం సాయంత్రమే. ఇది తెలీక శనివారం రాత్రి భోజనాలని నలభై మందికి చెప్పేసిన ఇళ్ళు ఉన్నాయి, ఆదివారం కదా ప్రయాణం అనుకుని. అందుకని భోజనాలు గురువారం రాత్రి పెట్టించండి. శుక్రవారం సామాను సర్దుకోవడానికి, బరువు తూచుకోవడానికి, వాళ్ళమ్మ పక్కన కాసేపు కూర్చోవడానికి ఉంటుంది.

ఇక మాట్లాడే సంగతి. పెదనాన్నో, తాతో, మేనమామో, ఎవరో ఒకరు లేచి నాలుగు మాటలు చెప్పాలి అని మన ఇళ్ళల్లో అనుకుంటారు, ఆ లేచేది మీరే అయితే ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, మీ జీవితం గురించి కాదు, వాడి టికెట్ గురించి మాట్లాడాలి. మనం ఎట్టా కష్టపడ్డామో, సైకిల్ మీద కాలేజీకి ఎట్టా పోయామో వాడు ఇంతకు ముందే వినేశాడు. వాడికి తెలీనిది, భయంగా ఉన్నది, ఎవర్నీ అడగలేకుండా ఉన్నది ఆ మొదటి రెండు రోజులు. కాబట్టి ఇంటి గుమ్మం నుంచి అక్కడ రూము దాకా, అంతే, దాని తర్వాత సంగతి వాడు చూసుకుంటాడు.

మొదటి పని, ముందు రోజు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక అరగంట వాడి కాగితాలన్నీ చూడటం. ఊరికే చూస్తే కాదు, ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ఒక ఉదాహరణ చెప్తాను, మీ తమ్ముడి కొడుకు కావలి నుంచి అమెరికాలో సెయింట్ లూయిస్‌కి ఎమ్మెస్‌కి పోతున్నాడు అనుకుందాం. ఆదివారం తెల్లారుజామున 3:40కి చెన్నై, ఉదయం 6 గంటలకి దోహా. దోహాలో 8 గంటలకి ఇంకో ఫ్లైటు, మధ్యాహ్నం 2:30కి షికాగో. షికాగోలో సాయంత్రం 6:30కి చిన్న ఫ్లైటు, 7:45కి సెయింట్ లూయిస్. ఇది చూసి చాలామంది ఏమనుకుంటారంటే దోహా నుంచి షికాగో ఆరున్నర గంటలేగా అని, కాదండీ, టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే వేస్తారు. ఆ ప్రయాణం పద్నాలుగున్నర గంటలు. మీరు చెయ్యాల్సిన పని ఏంటంటే ఆ టైములన్నీ మన టైముకి మార్చి రాసుకోవడం. దోహా మనకంటే రెండున్నర గంటలు వెనక, షికాగో, సెయింట్ లూయిస్ ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక, నవంబరు నుంచి మార్చి దాకా అయితే పదకొండున్నర. అట్టా మారిస్తే మన లెక్కలో దోహాలో దిగేది ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర, మళ్ళీ ఎక్కేది పదిన్నర, షికాగోలో దిగేది ఆదివారం రాత్రి ఒంటిగంట, ఆఖర్న దిగేది సోమవారం ఉదయం ఆరుంపావు.

ఈ కాగితం ఎందుకంటే, ఆదివారం పొద్దున పదిన్నర నుంచి రాత్రి ఒంటిగంట దాటేదాకా వాడి ఫోను పలకదు. వాళ్ళమ్మ ఆ పద్నాలుగు గంటలు ఎట్టా ఉంటుందో మీకు తెలుసు, అన్నం తినదు, ఇంట్లో అందరికీ ఫోన్ చేస్తా ఉంటుంది. దిగినాక కూడా పాస్‌పోర్టు చూపించే లైన్లో గంటో రెండు గంటలో పట్టొచ్చు, అక్కడ ఫోను తియ్యనివ్వరు. అంటే రెండున్నర మూడు దాకా మెసేజ్ రాకపోయినా కంగారు పడాల్సిన పని లేదు. ఈ ముక్క మీ నోటితో అందరి ముందూ చెప్తే ఆవిడకి అది సగం మందు. వేదాంతం చెప్పేకన్నా ఇది చాలా నయం.

రెండో పని, ఎప్పుడు లేవాలో చూసుకోవడం. బఫే పెట్టారంటే ప్లేటు చేతికి వచ్చాక ఎవరూ వినరు, చేపల పులుసు వాసన వచ్చాక అసలు వినరు. డాబా మీద కుర్చీలు వేశారు, జనం వచ్చి కూర్చున్నారు, మంచినీళ్ళు కూల్‌డ్రింకులు తిరుగుతున్నాయి, అప్పుడు లేవండి. అయిదారు నిమిషాలు చాలు. మైకు వద్దు, మైకు చేతికొస్తే మన పెద్దోళ్ళు దించరు, పైగా పక్కింటోళ్ళకి కూడా ఇంటి సంగతులు తెలుస్తాయి.

మాట్లాడేటప్పుడు ఎత్తకూడనివి ఉన్నాయి. ఎంత లోను తీసుకున్నారు, ఏ పొలం పెట్టారు అనేది నోటెంట రాకూడదు, ఆ తండ్రి తల ఎత్తలేడు, ఆ పిల్లోడు ప్లేటు ముందు కూర్చోలేడు. పెళ్ళి ఊసు వద్దు. వాళ్ళ అబ్బాయి అప్పుడే ఇల్లు కొన్నాడంట అనే పోలిక అసలు వద్దు. అక్కడ పార్ట్‌టైం చేసుకుని ఇంటికి పంపు అని కూడా అనమాకండి, స్టూడెంట్ వీసా మీద పోయినోడు క్యాంపస్ బయట పర్మిషన్ లేకుండా పని చేస్తే వీసాకే ఎసరు, నలుగురిలో పెద్దాయన అన్నాడని వాడు అదే బుర్రలో పెట్టుకుంటాడు.

మూడో పని, ఇదే అసలైంది, వాడు చెప్పలేనివి మీరు చెప్పాలి. ఆ డాబా మీద ఉన్నోళ్ళలో కనీసం ముగ్గురి సంచుల్లో ఏదో ఒక డబ్బా ఉంటుంది, మా అమ్మాయి డల్లాస్‌లో ఉందిరా, ఈ పచ్చడి కాస్త ఇచ్చెయ్ అని. డల్లాస్‌కీ సెయింట్ లూయిస్‌కీ మధ్య వెయ్యి కిలోమీటర్లు పైనే ఉంది అని అత్తకి ఎవరు చెప్తారు? వాడు చెప్పలేడు, వాళ్ళ నాన్నా చెప్పలేడు, చుట్టరికం. మీరు పెద్దోరు కాబట్టి మీరు చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు. సాధారణంగా స్టూడెంట్లకి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు ఇస్తారు, వాడి టికెట్‌లో ఎంతుందో చూసుకుని ఆ అంకె చెప్పండి. పైగా ఎవరిచ్చిన ప్యాకెట్లో ఏముందో ఆఫీసరు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది పిల్లోడే, పేకింగు విప్పకుండా ఏదీ తీసుకోకూడదు.

ఏవి పోవు అనేది కూడా ఈ ముక్కలోనే చెప్పెయ్యండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, మాంసం కలిసిన ఏ పొడైనా అమెరికాకి పనికిరాదు. కరివేపాకు రానివ్వరు, పచ్చిపళ్ళు రానివ్వరు. ఎండుకొబ్బరి చిప్పలు మన చెన్నైలోనే తీసేస్తారు, దాంట్లో నూనె ఎక్కువ, వేడికి అంటుకునే సామాను కింద లెక్క, మన పిన్నులకి ఈ సంగతి చెప్తే నమ్మరు కానీ నిజం. గోంగూర, ఆవకాయ, కందిపొడి ఇట్టాంటివి పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు, చేతి సంచిలో మాత్రం పెట్టకూడదు, పచ్చడి కూడా వాళ్ళ లెక్కలో ద్రవమే, వంద మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గర బుట్టలో పడుతుంది. తినే వస్తువులు ఉన్నాయా అని అక్కడ అడిగితే ఉన్నాయి అనే చెప్పాలి. చెప్తే మహా అయితే ఒకటి రెండు తీసి పారేస్తారు, దాచి దొరికితే జరిమానా వేస్తారు.

ఇంక అబ్బాయికి చెప్పే మాటలు. మూడే చెప్పండి. నాలుగోది చెప్తే మొదటిది మర్చిపోతాడు. మిగతావి కాగితం మీద రాసివ్వండి.

ఒకటి, చేతి సంచి. పాస్‌పోర్టు, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 కాగితం, అడ్మిషన్ లెటరు, ఫీజు రసీదులు, బ్యాంకు కాగితాలు, ఒక జత బట్టలు, మందులు, ఇవన్నీ చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలోకి పోకూడదు. పెట్టె ఒక రోజు లేటుగా వచ్చినా బతకొచ్చు, ఐ-20 పెట్టెలో ఉంటే షికాగో ఆఫీసరు ముందు ఏం చూపిస్తాడు? ఐ-20 మీద వాడి సంతకం ఉందా లేదా అనేది ముందు రోజే చూడండి, చాలామంది పిల్లలు ప్రింట్ తీసి అట్టాగే ఫైల్లో పెట్టుకుంటారు, సంతకం మర్చిపోతారు. పవర్ బ్యాంకు కూడా చేతి సంచిలోనే, పెద్ద పెట్టెలో పెడితే చెన్నైలోనే పెట్టె తెరిపిస్తారు.

రెండు, షికాగోలో పెట్టెలు. ఇది బాగా నిమ్మళంగా చెప్పండి, ఎందుకంటే దీనిలోనే పిల్లలు బోల్తా పడతారు. చెన్నైలో కౌంటరు అమ్మాయి పెట్టెకి ట్యాగు వేసి, మీ బ్యాగులు సెయింట్ లూయిస్ దాకా పోతాయి సార్ అంటుంది, ట్యాగు మీద ఆ ఊరి కోడ్ ఎస్‌టీఎల్ అనే ఉంటుంది కూడా. వాడు నమ్మి షికాగోలో చేతి సంచితో నేరుగా తర్వాతి ఫ్లైటుకి పోతాడు. పెట్టెలు షికాగోలోనే మిగిలిపోతాయి. అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే ఆ ఊళ్ళోనే పాస్‌పోర్టు చూపించాలి, పెట్టెలు తీసుకోవాలి, కస్టమ్స్ దాటించాలి, దాటగానే పక్కనే తిరిగి ఇచ్చే బెల్టు ఉంటుంది, దాని మీద వేసెయ్యాలి. అక్కడ మళ్ళీ సెక్యూరిటీ ఉంటుంది, కాబట్టి దోహాలో కొన్న సెంటు సీసా లాంటిది ఏదన్నా ఉంటే పెట్టె తిరిగిచ్చే ముందే అందులో పెట్టేసుకోవాలి. ఇంకోటి, ట్యాగు చివర ఎస్‌టీఎల్ కాకుండా షికాగో కోడ్ ఓఆర్‌డీ ఉందంటే ఆ చిన్న ఫ్లైటు వేరే టికెట్ అన్నమాట, అప్పుడు పెట్టెలు బెల్టు మీద వేస్తే సరిపోదు, ఆ ఎయిర్‌లైన్ కౌంటరుకి తీసుకెళ్ళి కొత్తగా చెకిన్ చెయ్యాలి, నాలుగు గంటలున్నా టైము చాలదు అనిపిస్తుంది. ట్యాగు ఏముందో చెన్నై కౌంటరు దగ్గరే చదువుకోమనండి.

మూడు, ఆఫీసరు దగ్గర మాట. ఏ యూనివర్సిటీ, ఏం చదువుతావు, డబ్బులు ఎవరు కడతారు, ఎక్కడ ఉంటావు, ఇవే అడుగుతారు ఎక్కువగా. అడిగిందానికి మాత్రమే, ఒక్క వాక్యంలో, ఉన్నది ఉన్నట్టు. మనోళ్ళు కంగారుకి అడగనిది కూడా చెప్తారు, మా బావ అక్కడ ఉద్యోగం చూస్తాడంట అని, దాంతో ఇంకో పది ప్రశ్నలు వస్తాయి. రూము అడ్రసు ఫోన్లో ఉంటే చాలదు, కాగితం మీద ఉండాలి, ఫోను చార్జింగు అయిపోతే అడ్రసు కూడా పోతుంది.

ఇప్పుడు ఇదంతా కలిపి నోటితో చెప్తే ఎట్టా ఉంటుందో రాస్తున్నా, మీ ఇంటి మాటలకి తగ్గట్టు మార్చుకోండి.

"అందరూ వచ్చారు, సంతోషం. బంధువులందరికీ నమస్కారం. మా తమ్ముడూ మా మరదలూ ఈ పిల్లోడిని ఎట్టా చదివించారో మీకు నేను చెప్పబన్లా, మీరందరూ చూసిందే. వాడు శనివారం సాయంత్రం అయిదింటికి బయల్దేరతా ఉండాడు, ఆదివారం కాదు, మళ్ళీ ఆదివారం పొద్దున ఎవరూ వచ్చి తలుపు కొట్టమాకండి. కారు ఒక్కటే పోద్ది, అమ్మా, నాన్న, వాడు, నేను. మిగతావాళ్ళు వద్దు. చెన్నైలో మనల్ని లోపలికి రానివ్వరు, టికెట్ ఉన్నోడే లోపలికి, మనం గేటు దగ్గర దణ్ణం పెట్టి తిరిగి రావాల్సిందే, దానికి నాలుగు కార్లెందుకు.

ఇంకోమాట. ఎవరికీ ఏ పార్సిలూ వాడి చేత పంపమాకండి. వాడికి ఇచ్చిందే నలభై ఆరు కిలోలు, అవి పుస్తకాలకీ బట్టలకీ కుక్కరుకే సరిపోయినాయి. అక్కా, నీ డబ్బా నాకియ్యి, నేను కొరియర్‌లో పంపిస్తా. కవర్లు ఇయ్యాలనుకున్నోళ్ళు మా తమ్ముడికియ్యండి, మన రూపాయిలు వాడికి అక్కడ దేనికీ పనికిరావు.

ఏమ్మా మరదలా, ఇది నీకు. ఆదివారం ఎనిమిదిన్నరకి దోహాలో దిగి మెసేజ్ పెడతాడు. పదిన్నర తర్వాత ఫోన్ రాదు. రాత్రి ఒంటిగంటకి షికాగోలో దిగుతాడు, కానీ లైన్లో ఉంటాడు, మూడు దాకా రాకపోయినా నువ్వు లేచి కూర్చోబాక. సోమవారం పొద్దున ఆరున్నరకి వాడి గొంతు వింటావు. మెసేజ్ వచ్చిన సంగతి వాడి తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు, ఎవరూ విడివిడిగా వాడికి ఫోన్లు చెయ్యమాకండి.

అబ్బయ్యా, నీకు మూడే. చేతి సంచి ఒంటి మీద నుంచి తియ్యబాక, బాత్రూంకి పోయినా సరే. షికాగోలో పెట్టెలు తీసుకుని మళ్ళీ ఇయ్యి, ఎవరు వద్దన్నా సరే. ఆఫీసరు అడిగిందానికే చెప్పు. మిగతావన్నీ ఈ కాగితంలో ఉండాయి. ఏదన్నా తేడా వస్తే దాచబాక, మీ నాన్నకి చెప్పలేకపోతే నాకు చెయ్యి, ఏ టైమైనా ఎత్తుతా. అంతే నాయనా, చల్లగా పోయిరా. పదండి, భోజనాలకి లేవండి."

ఇది చదివితే అయిదు నిమిషాలు కూడా పట్టదు, చూసుకోండి. దాచబాక అనే ఆ ముక్క మాత్రం తీసెయ్యకండి. అప్పు చేసి పంపిన ఇంట్లో పిల్లోడు డబ్బు పోయినా, ఒంట్లో బాగోకపోయినా నాన్నకి చెప్పడు, చెప్తే ఏమైపోతాడో అని. మధ్యలో ఒక పెద్దోడు ఉన్నాడు అని అందరి ముందు తెలిస్తే వాడికి ఒక దారి ఉంటుంది. కానీ ఏ టైమైనా ఎత్తుతా అన్నారంటే ఎత్తాలి, వాళ్ళకి మధ్యాహ్నం అంటే మనకి నిద్ర పట్టిన టైము, ఫోను సైలెంట్‌లో పెట్టుకుని పడుకునేవాళ్ళయితే ఆ వాక్యం చెప్పొద్దు.

ముహూర్తం గొడవ ఒకటి వస్తుంది, అదీ మీ దగ్గరికే వస్తుంది. శనివారం రాహుకాలం ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర, కాబట్టి సాయంత్రం అయిదుకి అడ్డేం లేదు. ఇంకేదన్నా దోషం ఉందని ఎవరన్నా పట్టుబడితే వాదించకండి, మంచి టైములో ఒక పెట్టె ఎదురింట్లో ప్రస్థానం పెట్టించండి, మన తాతలు చేసిందే. కారు మాత్రం అయిదు దాటకూడదు. కావలి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు 230 కిలోమీటర్లు పైనే, హైవే బాగానే ఉంటుంది కానీ రెడ్‌హిల్స్ దగ్గర్నుంచి సిటీ లోపల ఎంత పడుతుందో చెప్పలేం, మధ్యలో టిఫినుకి ఆగితే పదిన్నర అవుతుంది. కౌంటర్లు మూడు నాలుగు గంటల ముందు తెరుస్తారు, గంట ముందు మూసేస్తారు, ముందు పోయి కూర్చున్నా నష్టం లేదు.

కాగితం మీద రాయాల్సిన మిగతావి ఇవి. మన ఇండియా సిమ్‌కి రోమింగు ఆన్ చేయించి రీచార్జ్ చేయించాలి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి, సిమ్ ఆగిపోతే అక్కడ కూర్చుని ఫీజు కట్టలేడు. డాలర్ల నోట్లు మూడు వేలకి మించి తీసుకెళ్ళనివ్వరు, అంత అవసరం కూడా లేదు, కొన్ని చిన్న నోట్లు చేతిలో, మిగతాది ఫారెక్స్ కార్డులో. మందులు షాపు స్ట్రిప్పుల్లోనే ఉండాలి, డాక్టరు చీటీతో సహా. పెట్టెలు రెండూ ఇంట్లోనే స్ప్రింగు తూకంతో తూచి 22 దగ్గర ఆపుకోవాలి, ఎయిర్‌పోర్టులో నేల మీద పెట్టె తెరిచి పచ్చడి డబ్బాలు నాన్నకి అందించే సీను ఎవరికీ వద్దు.

ఆ కాగితాన్ని మీ మాట అయిపోగానే అబ్బాయి చేతికే ఇవ్వండి, జేబులో పెట్టుకోమనండి, ఫోటో తీసి గ్రూపులో కూడా పెట్టమని వాడి తమ్ముడికి చెప్పండి. మన టైము లెక్క రాసిన రెండో కాగితం వాళ్ళమ్మకి, ఫ్రిజ్ మీద అతికించుకోమనండి. ఆ తర్వాత మీరు మళ్ళీ లేవకండి, ఎవరన్నా ఇంకో రెండు మాటలు చెప్పండి పెద్దయ్యా అన్నా సరే, ప్లేటు తీసుకుని లైన్లో నిలబడండి.